పదిహేడో ఎక్కం చదివేంతసేపు

ఎవరైనా నన్ను ఒక ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగితే, ఆ ఆగినంతసేపూ నా లోపల పదిహేడో ఎక్కం మొదలవుతుంది. డాక్టరు గారు నిద్ర పడుతోందా అని అడిగి తలెత్తి చూసినా అంతే. పదిహేడొకట్ల పదిహేడు, పదిహేడు రెళ్ళు ముప్పైనాలుగు. ఇది జబ్బేమీ కాదు. ఒక మనిషి నేర్పి వెళ్ళిపోయిన అలవాటు. ఆ మనిషి నాకు ఎంతగా గుర్తొస్తాడో చెప్పుకోవడానికి సిగ్గుపడే వయసు దాటిపోయింది, అందుకని చెబుతున్నాను.

డెబ్భైల్లో జంషెడ్‌పూర్‌లో తెలుగువాళ్ళు చందాలు వేసుకుని నడిపిన బడి ఒకటి ఉండేది. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఉక్కు కంపెనీలో కొలిమి దగ్గర షిఫ్టుల్లో పనిచేసేవాడు. నేను ఆ బడిలోనే చదివి, బీయెస్సీ అయ్యాక ఆ బడిలోనే లెక్కల టీచర్నయ్యాను. ఏడో తరగతిలో రెండు సెక్షన్లు. ఏ సెక్షన్ నాది. నాకు నోరెక్కువ. "నీ నోటికి తాళంకప్ప ఇంకా పుట్నేదే" అనేది మా అమ్మ. నా క్లాసులో ఎక్కాలు చెబుతుంటే రోడ్డు మీద సైకిళ్ళ వాళ్ళకి కూడా వచ్చేసేవి. భిన్నాలు, త్రైరాశికం, శాతాలు అన్నీ ఒక పద్ధతి, ఒక రాగం. పిల్లలు తప్పు చేస్తే "ఎలా వచ్చింది? ఎలా వచ్చింది నీకు ఇది?" అని మీదకి వెళ్ళేదాన్ని. అర్ధసంవత్సర పరీక్షల్లో నా సెక్షన్‌లో తప్పినవాళ్ళు దాదాపు ఉండేవాళ్ళు కాదు.

బీ సెక్షన్‌కి ఆయన వచ్చాడు. ఏడాదికని తాత్కాలికంగా ఇచ్చిన ఉద్యోగం. బరంపురం దగ్గర మనిషి. మాటకి ముందూ వెనకా ఒడియా వాళ్ళలా, మనం "అండీ" అన్నట్టు, "ఆజ్ఞా" అనేవాడు. ఎండయినా వానయినా చేతిలో గొడుగు. ముప్పై దాటి ఉండవు, నడక మాత్రం ఎవరో పెద్దాయన దగ్గర అరువు తెచ్చుకున్నట్టుండేది. ఆయన క్లాసులోంచి చాలాసేపు చప్పుడే వచ్చేది కాదు, ఉన్నట్టుండి పెద్ద గోల వచ్చేది. ఒకసారి పిల్లలు కొట్టుకుంటున్నారేమో అని పరుగున వెళ్ళాను. సున్న సరిసంఖ్యా, బేసిసంఖ్యా, రెండూ కాదా అని కొట్టుకుంటున్నారు. ఆయన వెనకబెంచీలో కూర్చుని వింటున్నాడు.

"ఏటండి మాస్టారూ, మీరే చెప్పీవచ్చు కదా?" అన్నాను.

"చెప్పీడానికి నాకు ఒక్క నిమిషం చాలు ఆజ్ఞా. వీళ్ళకి అలా కాదు" అన్నాడు.

ఒళ్ళు మండింది. జీతం తీసుకునేది దేనికో అనుకుంటూ నా క్లాసుకి వచ్చేశాను.

ఆ ఏడాది అర్ధసంవత్సర పరీక్షలో బీ సెక్షన్ సగానికి సగం తప్పింది. కమిటీ మీటింగు పెట్టారు. మా కమిటీ ప్రెసిడెంటు కంపెనీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దమనిషి. రిటైరైనప్పుడు కంపెనీ ఇచ్చిన చేతి గడియారం ఆయనకి ప్రాణం, మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్నే చూసుకునేవాడు. వచ్చే ఏడాది రెండు సెక్షన్లూ కలిపేద్దాం, లెక్కలకి ఒక్క టీచరు చాలు అన్నాడు. ఆ ఒక్క టీచరు నేనని అందరికీ తెలుసు.

బీ సెక్షన్ మాస్టారు లేచి నిలబడ్డాడు. కాగితం మీద పరీక్ష పిల్లలకి గుర్తున్నదేమిటో అడిగింది గానీ, వాళ్ళకి ఆలోచించడం వచ్చో రాదో అడగలేదన్నాడు. ఒక్కసారి నోటితో అడిగి చూడనివ్వమన్నాడు. చిన్న పరీక్ష, ఒక్కో పిల్లకి పది నిమిషాలు, అయిదు ప్రశ్నలు, రెండు సెక్షన్ల నుంచీ చీటీలు తీసి ఆరుగురేసి.

"సరే పెట్టండి. మేం కూసోని ఇంటాం. అప్పుడు సూద్దాం మీ ఉద్యోగం సంగతి" అన్నాడు ప్రెసిడెంటు గడియారం చూసుకుంటూ. "ప్రశ్నలు మీరొక్కరే రాత్తే ఒప్పుకోం. ఈ అమ్మాయి కూడా ఉండాల."

అలా నేను అందులో పడ్డాను. ఆయన పిల్లలకి ఏమీ రాదని నిరూపించే అవకాశం నా చేతికి నడిచొచ్చినట్టనిపించింది, దాపరికం ఎందుకు.

బడి అయ్యాక ఏడో తరగతి గదిలోనే కూర్చునేవాళ్ళం. గుమ్మం తీసే ఉంచేవాళ్ళం, ఎవరూ ఏమీ అనకుండా. గేటు దగ్గర బండివాడి దగ్గర ఆయన ముఢీ, అదే మన మరమరాలు, ఆవనూనె, పచ్చిమిరపకాయ కలిపించి పొట్లంలో తెచ్చేవాడు. మొదటిరోజు నేను బోర్డు మీద నాలుగింట మూడు, అయిదింట రెండు రాసి, మధ్య కూడిక గుర్తు పెట్టాను.

"ఇది ఎలా చేస్తారు?" అన్నాడాయన.

"కసాగు కట్టి."

"ఎందుకు కసాగు?"

నోరు తెరిచాను. "అలాగే చేస్తారు కాబట్టి" అన్నాను చివరికి. ఆయన నవ్వలేదు, అదే ఇంకా చికాకు. "పిల్ల కూడా ఆ మాటే చెబుతుంది ఆజ్ఞా. ఆ పిల్లకి వచ్చినట్టా రానట్టా మనకి ఎలా తెలుస్తుంది?" అన్నాడు. ఇంటికి వెళ్ళేదాకా ఆయన మీద కోపంగానే ఉన్నాను. ఇంటికి వెళ్ళాక మా అమ్మ రొట్టె చేస్తుంటే దాన్నే నాలుగు ముక్కలు, అయిదు ముక్కలు చేసుకుని చూశాను. నాలుగో వంతు ముక్కా, అయిదో వంతు ముక్కా ఒక సైజువి కావు, కలిపి లెక్కపెట్టాలంటే రెండిటినీ ఒకే సైజు ముక్కలుగా కొయ్యాలి, కసాగు అందుకు. పదేళ్ళుగా కట్టిన కసాగు నాకు ఆ పూట అర్థమైంది. రొట్టె పాడుచేసినందుకు తిట్లు తిన్నాను.

మర్నాడు వెళ్ళి అది చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ ముఖం మళ్ళీ చూడడానికే ఆ తర్వాత చాలా ఆలోచించానేమో, నిజం చెప్పాలంటే.

మెల్లిగా ప్రశ్నలు తయారయ్యాయి. కూడికలో నాలుగింట మూడు మిగిలింది గానీ ప్రశ్న మారింది. నాలుగింట మూడు పెద్దదా, అయిదింట నాలుగు పెద్దదా? పద్ధతి తెలిసిన పిల్ల కసాగు కడుతుంది. ఆలోచించే పిల్ల, మొదటిదానికి నిండడానికి నాలుగో వంతు తక్కువ, రెండోదానికి అయిదో వంతే తక్కువ, తక్కువ లోటు ఉన్నదే పెద్దది అంటుంది. రెండిటికీ ఒక ముక్కే తక్కువ కాబట్టి సమానం అనే పిల్లలూ ఉంటారు. అది తప్పే గానీ, ఆ పిల్ల ఎక్కడిదాకా వచ్చి ఆగిందో మనకి తెలుస్తుంది.

ఇంకొకటి, పదిహేడు ఇరవయ్యార్లు ఎక్కువా, పదహారు ఇరవయ్యేడులు ఎక్కువా, గుణించకుండా చెప్పాలి. రెండిట్లోనూ పదహారు ఇరవయ్యార్లు ఉన్నాయి. పైన మొదటిదానిలో ఇంకో ఇరవయ్యారు, రెండోదానిలో ఇంకో పదహారు. ఒక తాడుని పదోవంతు పొడిగించి, వచ్చినదాంట్లోంచి పదోవంతు కోసేస్తే మొదటి పొడవే వస్తుందా అన్నది ఒకటి. రెండు బేసిసంఖ్యలు కూడితే ఎప్పుడూ సరిసంఖ్యే వస్తుందా, అన్నీ చూడలేం కదా, మరి ఎలా తెలుసు అన్నది ఒకటి. అయిదోది నాది. మా ఊళ్ళో మాంగో పేట నుంచి సాక్చి బజారుకి ఎక్కడా ఆగకుండా బస్సు అరగంటలో వచ్చింది. అందులో ఇరవైమంది ఉన్నారు. నలభైమంది ఉంటే ఎంతసేపట్లో వస్తుంది?

"ఇది మరీ తేలిక కదా ఆజ్ఞా" అన్నాడు.

"మీకు నా పిల్లలు తెలీదు" అన్నాను. నేను వాళ్ళకి త్రైరాశికం ఎంత బాగా నేర్పానో నాకు తెలుసు మరి.

ప్రశ్నలు కుదిరితే సరిపోతుందనుకున్నాం. ఆరో తరగతి పిల్లలు కొందరిని కూర్చోబెట్టి అడిగి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఒక పిల్ల నాలుగింట మూడు, అయిదింట నాలుగు ప్రశ్నకి చక్కగా "అయిదింట నాలుగు" అంది. "ఎలా తెలిసింది?" అన్నాను. వెంటనే "కాదు టీచర్, నాలుగింట మూడు" అంది. ఇంకో పిల్లవాడూ అంతే. ఇంకొకడూ అంతే. సరైన జవాబు చెప్పినవాళ్ళంతా ఆ ఒక్క మాటకే జవాబు మార్చేస్తున్నారు. నాకు బుర్ర తిరిగిపోయింది. ఆయనే మెల్లిగా అన్నాడు, "మన బడిలో ఎలా వచ్చిందని ఎప్పుడు అడుగుతారండి?" అని. తప్పు చేసినప్పుడే. మా బడిలో ఆ మాట వినపడిందంటే జవాబు తప్పని అర్థం, తర్వాత వచ్చేది బెత్తం. నేను అంటించిన రోగమే అది, బడంతా పాకింది.

అప్పటి నుంచీ నియమం పెట్టుకున్నాం. జవాబు ఒప్పయినా తప్పయినా అదే గొంతుతో, అదే ముఖంతో "ఎలా తెలిసింది?" అని అడగాలి. అసలు ప్రశ్నలకి ముందు పిల్లకి భయం పోయేలా, రెండూ రెండూ ఎంత అని అడిగి, నాలుగు అనగానే ఎలా తెలిసిందని అడగాలి. ఇంత తేలిక ప్రశ్నకీ అడిగారు కాబట్టి ఈ మాట తిట్టు కాదని పిల్లకి అర్థమవుతుంది. ఒక ప్రశ్నని రెండుసార్లు అడగకూడదు, రెండోసారి అడిగితే మొదటిది తప్పేమో అనుకుంటారు. అర్థం కాలేదని పిల్లే అంటే సరే. పలక, కాగితం ఉండకూడదు. జవాబు తెలుగులో చెప్పినా హిందీలో చెప్పినా కలిపి చెప్పినా ఫరవాలేదు. జవాబుకి ఒక మార్కు, కారణానికి రెండు. తన పిల్లల్ని తను అడగకూడదు, మనకి తెలియకుండానే కళ్ళతో అందించేస్తాం. ఆయన పిల్లల్ని నేను, నా పిల్లల్ని ఆయన.

వీటికి తోడు ఇంకో కష్టం వచ్చింది. పొద్దున్న అడిగిన పిల్లలు బయటికి వెళ్ళి మిగిలినవాళ్ళకి చెప్పేశారు. జవాబు చెబితే చెప్పారు, కారణం కూడా చెప్పారు. మధ్యాహ్నం వచ్చిన పిల్లలంతా "రెంటిలోనూ పదహారు ఇరవయ్యార్లు ఉన్నవి, కావున" అని ఒకటే రాగం తీశారు. అచ్చం నా ఎక్కాల రాగం. నాకు నవ్వాగలేదు, ఆయనకీ ఆగలేదు. బెంచీ మీద తల పెట్టుకుని మరీ నవ్వాడు. ఆయన అలా నవ్వగా చూడడం అదే మొదలు, అదే ఆఖరు కూడా. తర్వాత ప్రతి ప్రశ్నకీ ఒక జోడీ ప్రశ్న కట్టాం, చూడడానికి అలాగే ఉంటుంది గానీ జవాబు తిరగబడుతుంది. పద్దెనిమిది ఇరవయ్యయిదులు, పంతొమ్మిది ఇరవైనాలుగులు. ఇక్కడ రెండోదే ఎక్కువ. బట్టీపట్టినవాడు మొదటిదే ఎక్కువని రాగం తీస్తే అక్కడే దొరికిపోతాడు.

అన్నిటికన్నా కష్టమైన నియమం నాకు ఆగడం. ప్రశ్న అడిగి, పిల్ల మాట్లాడకపోతే నేను ఒక్క క్షణం ఉండలేను. "ఏటమ్మా, రాదా? సెప్పు, బేగి సెప్పు" అని మీద పడిపోతాను. ఆయన చూసి చూసి ఒకరోజు, "మీరు అడిగాక మనసులో పదిహేడో ఎక్కం చదవండి ఆజ్ఞా. పది దాకా. నిదానంగా. అప్పటికీ పిల్ల ఏమీ అనకపోతే ఇంకోసారి చదవండి" అన్నాడు. "మాట్లాడని పిల్లకి రాదని కాదు. కాదందనీ కాదు. ఇంకా దార్లో ఉంది, అంతే."

"ఎంతసేపు ఆగాలేటి?"

"నా క్లాసులో ఒక గుంట సోమవారం అడిగినదానికి శుక్రవారం సెప్పింది. సరిగ్గా సెప్పింది" అన్నాడు గర్వంగా.

ఆ సాయంత్రాలు నాకు ఇప్పటికీ కావాలి. కంపెనీలో కరిగిన ఇనుప చిట్టెం పారబోసినప్పుడు ఆకాశం ఎర్రబడి కిటికీలోంచి బోర్డు మీద పడేది. ఆయన గొడుగు పిడికి సుద్దపొడి అంటుకుని ఉండేది. ఎదురుగా కూర్చుని పిల్లలాగా నటించేవాడు, నేను ప్రశ్న అడిగి ఎక్కం చదువుకుంటూ ఆయన ముఖంలోకి చూస్తూ ఉండేదాన్ని. పరీక్ష కోసమే చూస్తున్నాను, నియమం అది. పదిహేడు అయిదులు ఎనభై అయిదు దగ్గరికి వచ్చేసరికి పరీక్ష మాట గుర్తుండేది కాదు. అప్పటికి నా కోరిక తలకిందులైపోయింది. ఆయన పిల్లలు బాగా చెప్పాలి, ఆయన ఉద్యోగం ఉండాలి, వచ్చే ఏడాది కూడా ఈ గదికి ఆయన ముఢీ పొట్లం తేవాలి, ఇంతే.

ఒక శనివారం పరీక్ష పెట్టారు. కమిటీవాళ్ళు గోడవార కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ముందు నా సెక్షన్. ఆయన అడిగాడు. నా ఫస్టు ర్యాంకు కుర్రాడు బస్సు ప్రశ్న పూర్తికాకముందే "గంట" అన్నాడు. ఎలా తెలిసిందంటే, "ఇరవైమందికి అరగంట అయితే నలభైమందికి గంట, త్రైరాశికం సార్" అని గట్టిగా, స్పష్టంగా చెప్పాడు. రోజూ ఆ బస్సులోనే మాంగో నుంచి వచ్చే కమిటీ మెంబరు ఒకాయన బాగుందన్నట్టు తలూపాడు. నేను చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. నా పిల్లలు చాలావరకు అలాగే చెప్పారు, టకటకా, తలెత్తి. ఒక్క పిల్ల మాత్రం తాడు ప్రశ్నకి ఆగి, "కోసిన పదోవంతు పెద్ద తాడుది కదండీ, అది ఎక్కువే పోతాది" అంది. ఆ పిల్లని లేచి ముద్దు పెట్టుకోవాలనిపించింది.

తర్వాత బీ సెక్షన్. నేను అడిగాను. ఒకడు బస్సు ప్రశ్నకి నన్ను జాలిగా చూసి, "బస్ తో వహీ హై నా టీచర్. ఆద్మీ జ్యాదా హోనేసే టైమ్ డబల్ థోడీ హోగా?" అన్నాడు, బస్సు అదేగా, జనం ఎక్కువైతే టైము రెట్టింపవుతుందా అని. "తెలుగు బడిలో హిందీ ఏటి?" అన్నాడు ప్రెసిడెంటు. ఇంకొకడు భిన్నాల్లో తప్పు చెప్పి, ఎలా తెలిసిందంటే వివరిస్తూ వివరిస్తూ మధ్యలో తన తప్పు తనే పట్టుకుని వెనక్కి వచ్చాడు. నేను మూడు మార్కులూ వేశాను. వెనక కుర్చీల్లోంచి "మాట మీద నిలబడ్డం నేదు" అని వినపడింది. ఇద్దరు మాత్రం నిజంగానే ఏమీ తెలియక తడబడ్డారు. అదీ ఉన్నదున్నట్టే వేశాను.

ఆఖరున ఒక చిన్న పిల్ల వచ్చింది. నల్లగా, సన్నగా, గౌను చేతులు పొడుగ్గా. రెండు బేసిసంఖ్యలు కూడితే ఎప్పుడూ సరిసంఖ్యేనా అన్నాను. అవునంది. ఎలా తెలిసిందన్నాను. మూడూ అయిదూ ఎనిమిది, ఏడూ తొమ్మిదీ పదహారు అంది. పిల్లని నేరుగా కాదనకుండా ఇంకొకరి మాటగా అడగాలని మా ఇంకో నియమం. అందుకని, "ఇంకో కుర్రాడు ఇలా అంటున్నాడు. ఎవరూ లెక్కపెట్టనంత పెద్ద బేసిసంఖ్యలకి కూడా అలాగే అవుతుందని నువ్వెలా చెప్పగలవు, అంటున్నాడు" అన్నాను. పిల్ల మాట్లాడలేదు. నేను పదిహేడో ఎక్కం మొదలుపెట్టాను. పిల్ల చేతులు బల్ల కింద ఒళ్ళో ఉన్నాయి, నాకొక్కదానికే కనపడుతున్నాయి. ఎడంచేతి వేళ్ళు జంటలు జంటలుగా ముడుస్తోంది. ఒక వేలు మిగిలింది. కుడిచేతి వేళ్ళూ అలాగే ముడిచింది. అక్కడా ఒక వేలు మిగిలింది. ఆ రెండు వేళ్ళనీ దగ్గరికి తెస్తోంది. వచ్చేస్తోంది, ఇంక వచ్చేస్తోంది అనుకుంటున్నాను.

"ఇదేటి, మూగపరీచ్చా?" అన్నాడు ప్రెసిడెంటు గడియారం చూసి. "రాదమ్మా దానికి. పంపించీండి."

"ఇంకా టైముంది సార్" అన్నాను.

"ఎంత టైమిత్తే మాత్రం? రాకపోతే రాదు. నెగు, నెగు."

పిల్ల లేచింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఆలోసిత్తన్నాను సార్" అంది. కుర్చీల్లో ఎవరో నవ్వారు. ఆ రెండు వేళ్ళూ ఇంకా అలాగే ఉన్నాయి, ఒకదానికొకటి ఆనించి.

మార్కులు కూడి చూపించాను. నా సెక్షన్ కంటే బీ సెక్షన్‌కి చాలా ఎక్కువ వచ్చాయి. కారణానికి రెండు మార్కులెందుకో, ఆగడమెందుకో ఆయన చెప్పాడు, నేను కూడా నా నోటినంతా వాడాను. ప్రెసిడెంటు కాగితం చేత్తో పక్కకి తోశాడు. "ఇవి మీరిద్దరూ కూసోని ఏసుకున్న మార్కులు. మాకు సెవులున్నాయి. ఏ సెక్షన్ గుంటలు గంట కొట్టినట్టు సెప్పారు. బీ సెక్షన్ గుంటలు నసిగారు, ఒకర్తికి నోరే పెగల్నేదు" అన్నాడు. సెక్షన్లు కలిపేశారు. ఆయన ఉద్యోగం ఆ సంవత్సరాంతంతో ఆఖరు.

ఆ చివరి రోజుల్లో ఒక సాయంత్రం గదిలో మా కాగితాలు సర్దుతున్నాం. ఇంకేమీ పని లేదు, అయినా సర్దుతున్నాం. ఆయన బోర్డు తుడుస్తూ, నా వైపు తిరగకుండా అన్నాడు. "బరంపురం దగ్గర హైస్కూల్లో ఖాళీ ఉందట. ఎల్లిపోతన్నాను. పెళ్ళి చేసుకుని మీరు నాతో వస్తారా?"

ఒకటే ప్రశ్న, అందులో ఒకటే విషయం, జవాబు ఇదైతే బాగుంటుందన్న వాసన ఎక్కడా లేదు. మేం కట్టుకున్న నియమాల ప్రకారం అంతకంటే మంచి ప్రశ్న ఉండదు. నా నోరు పెగల్లేదు. మా నాన్న ఇంకో ఏడాదికి రిటైరవుతాడు, అప్పుడు కంపెనీ క్వార్టరు ఖాళీ చెయ్యాలి. తమ్ముడికి అప్రెంటిసు ఇంకా రాలేదు. ఇంట్లో ఆయన కులం ఏమిటని అడుగుతారు, చెబితే మా అమ్మ అన్నం మానేస్తుంది. ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తున్నాను. వస్తాననే వైపుకే నడుస్తున్నాను, ఒక్కొక్కటీ దాటుకుంటూ. ఆయన డస్టరు పట్టుకుని ఆగాడు. ఎక్కం చదువుతున్నాడని నాకు తెలుసు. ఒకసారి చదివి ఉంటాడు, రెండోసారి కూడా. ఇంతలో ప్యూను తాళాలు పట్టుకుని వచ్చి, గది మూసేయాలన్నాడు. ఆయన గొడుగు తీసుకున్నాడు. రెండోసారి అడగలేదు. అడగడు, అది నియమం.

నాకేమీ తొందరనిపించలేదు. సోమవారం అడిగినదానికి శుక్రవారం జవాబు ఒప్పుకునే మనిషి కదా. పరీక్షల హడావుడిలో మేం మళ్ళీ ఒంటరిగా కలవలేదు, ఆయన వెళ్ళిపోయాడు. సర్వీసు సర్టిఫికెట్టు తయారవ్వలేదు, దానికోసం వానల్లో వస్తానని హెడ్మాస్టారితో చెప్పి వెళ్ళాడు. ఆ ఎండాకాలమంతా నేను పని చేశాను. తమ్ముడి చేత అప్రెంటిసు దరఖాస్తు పెట్టించాను. నాన్నకి ముందు చెప్పాను, ఆయన బీడీ కాల్చి కాల్చి, "కుర్రోడు మంచోడేనా?" అన్నాడు. అమ్మ మూడుపూటలు అన్నం మానేసి నాలుగో పూట తింది. జవాబు వచ్చేసింది. కారణం కూడా వచ్చేసింది, ఆయన ఎలా తెలిసిందని అడిగితే చెప్పడానికి. స్టాఫ్‌రూములో గొడుగు చప్పుడైన ప్రతిసారీ తలెత్తేదాన్ని.

ఆగస్టులో వచ్చాడు. మధ్యాహ్నం, వాన. నేను క్లాసులో ఉన్నాను, పిల్లలు ఏదో ప్రశ్నకి ఆలోచిస్తున్నారు, గది నిశ్శబ్దంగా ఉంది. గుమ్మంలో నిలబడి ఆ నిశ్శబ్దం విని ఆయన ముఖం వెలిగింది. ఆ రొట్టె మర్నాటి ముఖమే. బయట వరండాలోకి వచ్చాను. గొడుగు మూస్తూ, నేను నోరు తెరిచే లోపల, "ఇంట్లో సంబంధం కుదిర్చేశారు ఆజ్ఞా. కార్తీకంలో. మీకు నా నోటితోనే చెబుదామని" అన్నాడు.

చేతికంటిన సుద్దపొడి కొంగుకి తుడుచుకున్నాను.

"ఆ రోజు మీరు ఏటీ అనలేదు కదా" అన్నాడు నేల చూస్తూ. "కాదనుకున్నాను."

గొడుగులోంచి నీళ్ళు వరండా గచ్చు మీద కారుతున్నాయి. ప్రెసిడెంటు గారి గడియారం గుర్తొచ్చింది. ఆ పిల్ల వేళ్ళు గుర్తొచ్చాయి. జంషెడ్‌పూర్ మొత్తంలో ఆ మాట అనకూడని మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడే అన్నాడు.

"ఆలోచిత్తన్నానండీ" అన్నాను.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. ఆ మాట ఎవరిదో ఆయనకి తెలుసు. నాకు ఆగడం వచ్చు కదా ఇప్పుడు, ఆయనే నేర్పాడు. పదిహేడొకట్ల పదిహేడు దగ్గర మొదలుపెట్టి నిదానంగా పదిహేడు పదులు నూట డెబ్భై దాకా వచ్చాను. ఆయన ఏమీ అనలేదు. నేను మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను.